మూడు రోజుల సమావేశానికి బడ్జెట్టు: 1,500 రూపాయల టికెట్టు ఎక్కడ తేడా చేస్తుంది?

ప్రశ్న: మాది విజయవాడలో రిజిస్టరైన చిన్న సొసైటీ. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు, రాసేవాళ్లు, నేర్పేవాళ్లు ఒకచోట కలిసేలా శుక్ర, శని, ఆదివారాల్లో సమావేశం పెట్టాలనుకుంటున్నాం. 250 మంది వస్తారని ఆశ. చేతిలో 2 లక్షలున్నాయి. టికెట్టు 1,500 పెడితే సరిపోతుందా? హాలు, భోజనాలు, వక్తలు, అత్యవసర నిధి అన్నీ కలిపి బడ్జెట్టు ఎలా వేయాలి?

జవాబు:

సరిపోదండీ. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆ ధరకు మీరు ఎన్ని టికెట్లు అమ్మితే అంత నష్టం పెరుగుతుంది. 250 బదులు 350 మంది వచ్చినా పరిస్థితి మెరుగుపడదు, ఇంకా దిగజారుతుంది. ఎందుకో చూపించడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. ఇక్కడ వేసిన ధరలు లెక్క నడవడానికి నేను అనుకున్నవి. కొటేషన్లు చేతికొచ్చాక మీ అంకెలు పెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే ఉంచండి.

చాలామంది మొత్తం ఖర్చు కూడి, వచ్చేవారి సంఖ్యతో భాగించి టికెట్టు ధర పెడతారు. అలా చేస్తే అసలు విషయం కనిపించకుండా పోతుంది. కాగితం మీద రెండు కుప్పలు వేయండి. మనిషి పెరిగినప్పుడల్లా పెరిగేది తలసరి ఖర్చు. పది మంది వచ్చినా మూడు వందల మంది వచ్చినా మారనిది స్థిర ఖర్చు.

ముందు తలసరి ఖర్చు చూద్దాం. ఉదయం టిఫిను 90, మధ్యాహ్న భోజనం 220, రెండు పూటల టీ, చిరుతిండి కలిపి 60 అనుకుంటే రోజుకు 370 అవుతుంది. మూడు రోజులకు 1,110. శనివారం రాత్రి అందరూ కలిసి తినే భోజనానికి 250 కలిపితే 1,360. కేటరింగు మీద 5 శాతం జీఎస్టీతో 1,428. మంచినీళ్ల క్యాన్లు, గ్లాసులు, విస్తళ్లకు 32 వేసుకోండి. బ్యాడ్జి, గుడ్డ సంచి, నోట్‌బుక్కుకు 140. మొత్తం 1,600.

మీ టికెట్టు 1,500. పేమెంట్ గేట్‌వే సాధారణంగా 2 శాతం తీసుకుంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. అంటే 35 రూపాయలు అక్కడే పోతాయి. మీ ఖాతాలో పడేది 1,465. ఒక్కో మనిషి మీద 135 చేతి నుంచి పెట్టుకుంటున్నారన్నమాట. హాలు అద్దెలోకి, మైకుసెట్టులోకి, వక్తల ప్రయాణంలోకి ఈ టికెట్టు నుంచి ఒక్క రూపాయి కూడా వెళ్లదు.

ఇక స్థిర ఖర్చు. విజయవాడలో ఒక మోస్తరు ఏసీ ఆడిటోరియం, పక్కన రెండు చిన్న గదులు కలిపి రోజుకు 60,000 అనుకుందాం. స్టేజీ, బ్యానర్లు, వైరింగు సర్దుకోవడానికి గురువారం సాయంత్రం కూడా హాలు కావాలి, దానికి 20,000. మొత్తం రెండు లక్షలు, 18 శాతం జీఎస్టీతో 2,36,000. మీ సొసైటీకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 36,000 తిరిగి రాదు, అది ఖర్చే. అందుకే ఏ కొటేషన్ తీసుకున్నా మొదట అడగాల్సింది "జీఎస్టీ కలిపేనా, విడిగానా?" అని. ఆ తర్వాత కరెంటు, జనరేటర్ డీజిలు, శుభ్రం చేసే మనుషులు. ఫంక్షన్ హాళ్లలో ఇవన్నీ అద్దెకు బయటే ఉంటాయి. కరెంటు మీటరు రీడింగు లెక్కన, జనరేటర్ గంటల లెక్కన వేస్తారు. వీటికి 40,000. హాలు తీసుకునేటప్పుడు మీటరు రీడింగు ఫోటో తీసి ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాసుకోండి. ఆదివారం రాత్రి అందరూ అలసిపోయి ఉన్నప్పుడు జరిగే వాదన అలా తప్పుతుంది.

సౌండు, తెర, ప్రొజెక్టరు 70,000. వక్తలకు 1,43,000, ఆ లెక్క కింద విడిగా చెబుతాను. వీడియో రికార్డింగు 45,000, ముద్రణ, ఫ్లెక్సీలు 25,000, బీమా, ఆడిటరు వగైరా 15,000. ఇంతవరకు 5,74,000.

ఇక్కడ ఎవరి బడ్జెట్టులో చూసినా ఒక లైను ఉండదు. టికెట్టు కొనకుండా తినేవాళ్ల లైను. మీకు 20 మంది వక్తలు, 25 మంది కార్యకర్తలు ఉంటారు. సౌండు వాళ్లు, కెమెరా వాళ్లు, డ్రైవర్లు, వాచ్‌మన్ కలిపి ఇంకో 10 మంది. ఈ 55 మంది మూడు రోజులూ మీ దగ్గరే భోంచేస్తారు, చేయాలి కూడా. 1,600 చొప్పున 88,000. ఇది టికెట్లతో పెరగదు, తగ్గదు, కాబట్టి స్థిర ఖర్చులోకే రావాలి. అప్పుడు స్థిర ఖర్చు 6,62,000.

దీనికి 80,000 అత్యవసర నిధి కలిపితే 7,42,000. స్పాన్సర్లు లేకుండా 250 మంది మీద పంచితే మనిషికి దాదాపు 2,970. దానికి తలసరి 1,600 కలిస్తే 4,570. ఏ విద్యార్థి అంత కట్టగలడు? నూజివీడు నుంచో గుడివాడ నుంచో రోజూ బస్సులో వచ్చి వెళ్లే పిల్లలు రాలేని సమావేశానికి మీ ఉద్దేశం నెరవేరదు. కాబట్టి రెండు కుప్పలకు రెండు వేర్వేరు డబ్బు దారులు పెట్టుకోవాలి. తలసరి ఖర్చును టికెట్లు మోయాలి. స్థిర ఖర్చును స్పాన్సర్లు, విరాళాలు, సొసైటీ నిధి మోయాలి. అది మోయలేనంత ఉంటే స్థిర ఖర్చునే కోయాలి, టికెట్టు పెంచడం చివరి మార్గం.

హాలు

స్థిర ఖర్చులో పెద్ద ముక్క హాలు కాబట్టి కోత అక్కడే మొదలుపెట్టండి. మీ విషయానికి ఇంజనీరింగు కాలేజీ ఆడిటోరియం సరిగ్గా సరిపోతుంది. అద్దె లేకుండా కరెంటు, జనరేటర్, సిబ్బంది ఖర్చు మాత్రమే తీసుకునే కాలేజీలు దొరుకుతాయి. దానికి 60,000 వేసుకుంటే ఇంతకుముందు లెక్కలో 2,76,000 ఉన్న చోట 2,16,000 మిగులుతుంది. గెస్ట్ హౌసులో గదులిస్తే వక్తల బసలో ఇంకో 41,000 మిగులుతుంది.

అయితే ఉచితమని ఇచ్చిన హాలుకూ ఒక ధర ఉంటుంది. "మా పిల్లలందరినీ ఉచితంగా రానివ్వండి" అని యాజమాన్యం అడుగుతుంది. ఊ అనేస్తే మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల వరుసలో రెండు వందల మంది కొత్తవాళ్లుంటారు. ప్రసంగాలకు ఎంతమందైనా రావచ్చు, భోజనం కూపన్లు 20 మందికి మాత్రమే అని ముందుగానే ఉత్తరంలో రాసుకోండి. ఆ 20 మందికి 32,000 బడ్జెట్టులో పెట్టండి. అది హాలు అద్దెగానే భావించండి. మిగతా షరతులు కూడా ఆ ఉత్తరంలోనే ఉండాలి. గురువారం సాయంత్రం ఎన్ని గంటలకు తాళం ఇస్తారు, ఆదివారం గదులు వాడుకోవచ్చా, బయటి కేటరింగు లోపలికి రానిస్తారా, పరీక్ష తేదీలు మారితే ఏమిటి? ఈ చివరిది ముఖ్యం. యూనివర్సిటీ పరీక్షల తేదీలు మారిస్తే కాలేజీ మాటిచ్చినా హాలు ఇవ్వలేదు.

ఫంక్షన్ హాలే తీసుకోవాల్సి వస్తే పంచాంగం తెరవండి. ముహూర్తాలున్న వారంలో హాలు వాళ్లు బేరానికి రారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాలు, అధికమాసం వచ్చినప్పుడు హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె దిగుతుంది. కాలేజీలో పెట్టుకున్నా ఈ లెక్క పనికొస్తుంది. ఎందుకంటే మంచి ముహూర్తం రోజున కేటరింగు వాళ్లు పెద్ద వంటమాస్టరును పెళ్లికి పంపి, మీకు సహాయకుణ్ని పంపుతారు. సౌండువాళ్లదీ అదే కథ. విజయవాడకు వాతావరణం కూడా చూడాలి. మేలో ఏసీ ఖర్చు, జనం ఇబ్బంది రెండూ ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఊళ్లో చాలా భాగం మునిగింది, రైళ్లు రద్దయ్యాయి. కాబట్టి భాద్రపదంలో హాలు చవకగా వచ్చినా నేను జంకుతాను. పుష్యం మొదటి వారాలు నాకు నచ్చుతాయి. చల్లగా ఉంటుంది, పెళ్లిళ్లుండవు. సంక్రాంతి ప్రయాణాల రద్దీ మొదలవకముందే ముగించాలి, అంతే. ఏ నెలైనా సరే, వరద, తుపాను వంటివి వస్తే అడ్వాన్సు పోకుండా తేదీ మార్చుకునే వీలు ఒప్పందంలో ఉండాలి.

భోజనాలు

మీ ఖర్చులో సగానికి దగ్గరగా ఇక్కడే పోతుంది, డబ్బు కారేది కూడా ఇక్కడే. కేటరింగు వాళ్లు ఒక్కటే అంకె అడుగుతారు: "ఎన్ని ప్లేట్లు?" మూడు రోజులకూ ఒకే అంకె చెప్పకండి. పూటపూటకూ వేర్వేరు గ్యారంటీ ఇవ్వండి. శుక్రవారం ఉద్యోగాలు చేసేవాళ్లు తక్కువగా వస్తారు. శనివారం మధ్యాహ్నం నిండుగా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నానికి దూరం వాళ్లు రైళ్లకు వెళ్లిపోతారు, జనం బాగా పలచబడతారు. టిఫినుకు ఊళ్లోవాళ్లు ఇంట్లో తినే వస్తారు. బడ్జెట్టులో అన్ని పూటలకూ పూర్తి సంఖ్యే వేయండి, ఆర్డరు మాత్రం తగ్గించి ఇవ్వండి. 275 మంది లెక్కలో ఆదివారం ఒక్కరోజు 80 మందిని తగ్గించినా పాతిక వేలకు పైగా మిగులుతుంది. ఆ డబ్బును ముందే ఖర్చు రాసేయకుండా మిగులుగా వదిలేయండి.

గ్యారంటీ అంకెను రెండు రోజుల ముందు వరకు మార్చుకునే హక్కు ఒప్పందంలో పెట్టించండి. గ్యారంటీకి మించి ఎంతమందికి వడ్డించగలరో కూడా రాయించండి. సాధారణంగా కొంచెం ఎక్కువే వండుతారు, కానీ అది ఎంత అన్నది మాట మీద వదలకూడదు. గ్యారంటీ దాటిన ప్లేటుకు ధర ఎంతో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ప్లేట్ల లెక్క దగ్గర వచ్చే గొడవకు మందు సులభం. వడ్డన మొదలవకముందు మీ మనిషి, కేటరింగు మనిషి కలిసి ప్లేట్లు లెక్కపెట్టి సంతకాలు చేయాలి. ముగిశాక మిగిలినవి మళ్లీ లెక్కపెట్టాలి. మీ దగ్గర పూటకో రంగు కూపన్లు ఉంటాయి. కూపన్ల సంఖ్య, వాడిన ప్లేట్ల సంఖ్య పదీ పదిహేను తేడాలో ఉంటే సరే. నలభై తేడా వస్తే ఆ పూటే అడగండి. మూడో రోజు బిల్లుతో పాటు అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఈ పనికి పట్టుదలగల ఒక్క మనిషిని మూడు రోజులూ పెట్టండి, రోజుకొకరిని మార్చకండి. కేటరింగు వాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉందో లేదో చూడటం కూడా ఆ మనిషి పనే.

తగ్గించాల్సి వస్తే ఐటములు తగ్గించండి, పూటలు కాదు. రెండు స్వీట్ల బదులు ఒకటి, మూడు కూరల బదులు రెండు చాలు. పప్పు, పచ్చడి, సాంబారు, పెరుగు బాగుంటే ఎవరూ నోరెత్తరు. కానీ మధ్యాహ్నం టీ తీసేస్తే మూడున్నరకు సగం హాలు బయట టీ కొట్టు దగ్గర ఉంటుంది, ఆ సమయంలో మాట్లాడే వక్తకు అవమానం.

వక్తలు

మీలాంటి సమావేశాల్లో వక్తలకు పారితోషికం ఉండదు, ప్రయాణం, బస ఇస్తారు. 20 మందిలో బయటి ఊళ్ల నుంచి 8 మంది అనుకుంటే ప్రయాణానికి సగటున 7,000 చొప్పున 56,000 అవుతుంది. కాలేజీ గెస్ట్ హౌసులో మూడు రాత్రులకు 19,000, ఊళ్లో కార్లకు 15,000, శాలువా, జ్ఞాపికలకు 12,000. మొత్తం 1,02,000. ఫంక్షన్ హాలు లెక్కలో హోటల్ గదులు వేసుకోవడం వల్ల ఇదే 1,43,000 అయింది.

ఈ లైను దాటిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఆలస్యంగా కొన్న విమాన టికెట్టు. కార్యక్రమ పట్టిక ఖరారు కాలేదని ఆగుతారు, చివరి వారంలో టికెట్టు మూడింతలవుతుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. దాన్ని గడువుగా పెట్టుకుని, ఆ రోజుకు బయటి వక్తల పేర్లు ఖాయం చేయండి. ఆహ్వాన ఉత్తరంలోనే "థర్డ్ ఏసీ రైలు ఛార్జీ, లేదా విమానానికి గరిష్ఠంగా ఇంత" అని రాయండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది. కానీ ముందు చెప్పకుండా తర్వాత బిల్లు చూసి మొహం చిన్నబుచ్చుకోవడం కంటే ఇది మర్యాద.

ఒక్క మినహాయింపు మాత్రం గట్టిగా కోరుతున్నాను. వక్తల్లో ప్రైవేటు బడిలో పనిచేసే పంతులమ్మో, రోజు కూలీ మీద డీటీపీ చేసే మనిషో ఉండవచ్చు. వారికి మూడు రోజులు రావడమంటే జీతం పోవడం. పెద్ద కంపెనీ ఉద్యోగికి సెలవు జీతం వస్తుంది, వీరికి రాదు. అలాంటి ఇద్దరు ముగ్గురికి ఎంతో కొంత వేతన నష్టం ఇచ్చేలా స్పాన్సర్ల దగ్గర విడిగా అడగండి. మీ సముదాయంలో నిజంగా పనిచేసేవాళ్లు చాలాసార్లు వీరే.

అత్యవసర నిధి

మొత్తం మీద పది శాతం అని కళ్లు మూసుకుని వేసేస్తారు. లైను లైనుకూ అనిశ్చితి వేరు. సంతకమైన ఒప్పందం ఉన్నచోట 5 శాతం చాలు. నోటిమాట మీద ఉన్నచోట, కరెంటు, డీజిలు, ప్రయాణాల వంటి వాటి మీద 15 శాతం వేయండి. భోజనాల సంఖ్య మీద పదికి తగ్గకండి. అలా కూడితే మీకు 80,000 దగ్గరకు వస్తుంది. ఒప్పందాలు సంతకమవుతున్న కొద్దీ ఈ నిధి తగ్గించుకుంటూ రావచ్చు.

"ఇతరాలు" అనే లైనును దీనితో కలపకండి. మార్కర్లు, ప్లాస్టర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఆటో ఛార్జీలు తెలిసిన ఖర్చులు, వాటికి చోటు స్థిర ఖర్చులో ఉంది. అత్యవసర నిధి జనరేటర్ మొరాయిస్తే అద్దెకు ఇంకోటి తేవడానికి, వక్త రైలు రద్దయితే బస్సు టికెట్టుకు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి. దాన్ని తెరవడానికి ఇద్దరి అనుమతి కావాలన్న నియమం పెట్టండి, ఆ ఇద్దరూ మూడు రోజులూ హాల్లో ఉండేవారే కావాలి. శుక్రవారం ఉదయమే "ఇంకొన్ని టీషర్టులు వేయిద్దాం" అనేవాళ్లు వస్తారు. వద్దని చెప్పే అధికారం ఆ ఇద్దరికీ ఉండాలి.

టికెట్లు

ఇప్పుడు మీ ధరకు వద్దాం. 250 మంది అన్నది ఆశ. బడ్జెట్టు 200 మీద వేయండి. డబ్బు కట్టినవాళ్లు దాదాపుగా వస్తారు. ఉచితంగా పేరిచ్చినవాళ్లలో సగం మంది రాకపోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి విద్యార్థికైనా ఎంతో కొంత ధర ఉండాలి.

నేనైతే ముందుగా కొనేవారికి 2,000, తర్వాత 2,400, విద్యార్థులకు 1,200 పెడతాను. మొదటి రకం 70, రెండో రకం 70, విద్యార్థులు 60 మంది అనుకుంటే 3,80,000 వస్తుంది. గేట్‌వే పోను 3,71,000. ఆ 200 మంది తలసరి ఖర్చు 3,20,000. అంటే టికెట్లు తమ ఖర్చు తాము మోసి, స్థిర ఖర్చులోకి 51,000 ఇస్తాయి. పెద్దవాళ్ల టికెట్టు ఏదీ 1,600 కంటే తక్కువ లేదు, అది దాటకూడని గీత.

విద్యార్థి టికెట్టు మీద ఒక్కొక్కరికి 428 చొప్పున మీరు పెట్టుకుంటున్నారు. అది దాచకండి, ఒక లైనుగా రాయండి. దానితో ఒక మేలు ఉంది. ఊళ్లో ఒక చిన్న కంప్యూటర్ షాపు యజమాని దగ్గరకు వెళ్లి "మా సమావేశానికి ఏమైనా ఇవ్వండి" అంటే వెయ్యి రూపాయలిస్తారు. "5,000 ఇస్తే పదకొండు మంది విద్యార్థుల సీట్లు మీ పేరు మీద" అంటే లెక్క అర్థమై ఇస్తారు.

కాలేజీ హాలుతో స్థిర ఖర్చు ఇలా తేలుతుంది: హాలు, వక్తలు, సౌండు వగైరా 3,17,000, టికెట్టు లేకుండా తినే 55 మంది 88,000, కాలేజీ పిల్లలు 32,000, అత్యవసర నిధి 80,000. మొత్తం 5,17,000. టికెట్ల నుంచి 51,000 పోతే 4,66,000 కావాలి. స్పాన్సర్ల నుంచి 3,50,000 తెస్తే మీ సొసైటీ నుంచి 1,16,000 పడుతుంది. అత్యవసర నిధి ఖర్చు కాకపోతే 36,000 మాత్రమే. ఇది మీరు చేయగలిగిన సమావేశం.

పన్నుల గురించి రెండు విషయాలు మాత్రం. సేవలు అందించేవారికి ఏడాదికి 20 లక్షల రాబడి దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. టికెట్లు, లోగో వేసి ప్రచారం చేసే స్పాన్సర్‌షిప్ ఆ రాబడిలోకే వస్తాయి. ఏమీ ఆశించకుండా ఇచ్చే విరాళం వేరు. సొసైటీ ఏడాది మొత్తం రాబడిని చూడాలి, ఈ సమావేశం ఒక్కదాన్నే కాదు. రెండోది టీడీఎస్. కేటరింగు, సౌండు వంటి పెద్ద బిల్లుల మీద మీరు కోసి కట్టాలి, దానికి టాన్ నంబరు కావాలి. ఆదివారం రాత్రి బిల్లు పూర్తిగా చెల్లించేస్తే ఆ శాతం తర్వాత మీ జేబు నుంచే పోతుంది. విదేశీ సంస్థలు విరాళం ఇస్తామంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోకండి, ముందు ఆడిటరును కలవండి.

డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది

బడ్జెట్టు కాగితం మీద సరిపోయి, శనివారం సాయంత్రం చేతిలో డబ్బు లేని సమావేశాలు చాలా ఉంటాయి. మీ 2 లక్షల అసలు పని నష్టం పూడ్చడం కాదు, ఈ ఖాళీని దాటించడం.

పై లెక్కనే తేదీల మీద పెట్టి చూడండి. సమావేశానికి రెండు వారాల ముందు వరకు కాలేజీకి 25,000, కేటరింగు అడ్వాన్సు లక్ష, వక్తల ప్రయాణం 56,000, సౌండు అడ్వాన్సు 20,000, సంచులు, బ్యాడ్జిలు, ముద్రణ, జ్ఞాపికలు కలిపి 75,500 పోతాయి. మొత్తం దాదాపు 2,77,000. అప్పటికి మీ దగ్గర ఉన్నవి మీ 2 లక్షలు, ముందస్తు టికెట్ల 1,37,000. మిగిలేది 60,000. తర్వాతి రెండు వారాల్లో మిగతా టికెట్ల నుంచి 2,34,000 వస్తుంది. అదే సమయంలో కేటరింగు మిగతా మూడు లక్షలు, సౌండు, కరెంటు, గదులు, కార్లు, రికార్డింగు, బీమా, ఆడిటరు వగైరా కలిపి 4,80,000 కట్టాలి. ఆదివారం రాత్రికి 1,86,000 తక్కువ. అత్యవసర నిధి తెరవాల్సి వస్తే 2,66,000.

స్పాన్సరు కంపెనీలు మాట ఇచ్చేది ముందు, డబ్బు ఇచ్చేది బిల్లు పెట్టిన నెలకో రెండు నెలలకో. కాబట్టి 3,50,000 లో కనీసం 2,70,000 సమావేశానికి ముందే ఖాతాలో పడేలా మాట్లాడుకోవాలి. లోగో ఫ్లెక్సీ మీదకు వెళ్లేది డబ్బు వచ్చాకే అన్న నియమం అందరికీ ఒకేలా పెట్టండి. ముద్రణకు ఫైలు పంపే తేదీయే వారికి గడువు. పెద్ద కంపెనీ అయితే వెండర్ రిజిస్ట్రేషన్ అడుగుతుంది. సొసైటీ పాన్, బ్యాంకు ఖాతా, రిజిస్ట్రేషన్ పత్రం ముందుగానే పంపితే మూడు వారాలు కలిసొస్తాయి.

చివరగా ఒక తేదీ. సమావేశానికి 45 రోజుల ముందు కమిటీ కూర్చుని రెండు అంకెలు చూడాలి. ముందస్తు టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయి, స్పాన్సర్లలో రాతపూర్వకంగా ఎంత వచ్చింది? 70 టికెట్ల చోట 40 మాత్రమే పోయి, స్పాన్సర్ల రాతలు రెండు లక్షలు దాటకపోతే, ఆ రోజే రికార్డింగు కంపెనీని వద్దనుకోండి, బయటి వక్తలను ఎనిమిది నుంచి ఐదుకు తగ్గించండి, శనివారం రాత్రి భోజనం మానేయండి. రైలు టికెట్లు కొన్న వక్తలను వదులుకోకుండా, ఇంకా ఖాయం కాని చోట్లే ఆపండి. అప్పటికి కేటరింగు అడ్వాన్సు ఇచ్చి ఉండరు, ఫ్లెక్సీలు ముద్రించి ఉండరు. పదిహేను రోజుల ముందు అయితే ఇవే నిర్ణయాలు తీసుకున్నా సగం డబ్బు కూడా మిగలదు. టికెట్టు పేజీ తెరిచే ముందే ఈ తేదీని, ఏ అంకె దగ్గర ఏది కోయాలో కమిటీ మినిట్స్‌లో రాసిపెట్టుకోండి.